త నుంచి E0 B0 A4 దాకా: ఒక తెలుగు అక్షరం బైట్లుగా మారి తిరిగి అక్షరమయ్యే లెక్క

సంక్షిప్తంగా: యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను మూడు ముక్కలుగా విడగొట్టి మూడు బైట్లలో సర్దడమే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్. 64తో భాగించడం తెలిసినవారు ఈ లెక్కను కాగితం మీదే చేయవచ్చు. దీన్ని కోడ్‌గా రాసేటప్పుడు అదనపు బిట్లను తీసేసే ఒక మాస్క్ మరిచిపోతే హల్లులు బాగానే ఉండి చాలా గుణింతపు గుర్తులు చెడిపోతాయి. రాసినవారు సొంత డీకోడర్‌తో పరీక్షించుకుంటే ఆ తప్పు బయటపడదు. అలా ఎందుకు జరుగుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

## à° అనే జంట ఎక్కడి నుంచి వస్తుంది

తెలుగు పేర్లున్న ఒక సీఎస్‌వీ ఫైల్‌ను స్ప్రెడ్‌షీట్‌లో నేరుగా తెరిచినప్పుడు, ‘తెలుగు’ అని ఉండాల్సిన చోట కింది వరుస కనిపించడం చాలామందికి అనుభవమే.

```
à°¤à±†à°²à±à°—à±
```

ఫాంట్ లేదేమోనన్న అనుమానమే ముందుగా వస్తుంది. ఫాంట్‌లు ఎన్ని మార్చినా ఈ వరుస మారదు, ఎందుకంటే లోపం అక్షరాల రూపంలో లేదు, బైట్లను చదివిన తీరులో ఉంది. వరుసను కాస్త నిదానంగా చూస్తే అందులో ఒక క్రమం కనిపిస్తుంది. à అనే అక్షరం మళ్లీ మళ్లీ వస్తోంది. దాని వెంట డిగ్రీ గుర్తు గానీ ప్లస్-మైనస్ గుర్తు గానీ తప్ప వేరేదేదీ రావడం లేదు. తెలుగులో ఏ పదం తీసుకున్నా ఇదే వరస. à ఒక్కటే ఎందుకు వస్తుంది, దాని పక్కన ఆ రెండు గుర్తులే ఎందుకు ఉంటాయి అన్న ప్రశ్నలకు జవాబు ఎన్‌కోడింగ్ లెక్కలోనే ఉంది.

## పన్నెండో బిట్ తెచ్చిన మూడో బైట్

యూనికోడ్ ‘త’కు ఇచ్చిన కోడ్ పాయింట్ U+0C24. ఇది హెక్సాడెసిమల్‌లో రాసిన మామూలు సంఖ్యే, మన లెక్కలో 3108. ఒక బైట్‌లో 0 నుంచి 255 వరకు మాత్రమే పడుతుంది కాబట్టి 3108ని ఒకటికంటే ఎక్కువ బైట్లలో పంచాలి. ఎలా పంచాలన్న విషయంలో 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ ఒక ఏర్పాటు చేశారు. న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో, టేబుల్ మీద పళ్లెం కింద వేసే కాగితంపై థాంప్సన్ దాని తొలి రూపాన్ని గీశారని పైక్ తర్వాత రాశారు. అప్పటికే ఉన్న ఇంగ్లిష్ ఫైళ్లు ఒక్క బైట్ కూడా మారకుండా అలాగే చెల్లాలి. ఇతర భాషల అక్షరాలకు వాడే బైట్లలో ఏదీ ఇంగ్లిష్ అక్షరంగా గానీ, ఫైల్ దారిలో వచ్చే / గుర్తుగా గానీ పొరపాటున కనిపించకూడదు. ఈ రెండు షరతుల నుంచి కింది అచ్చులు, అంటే మూసలు, వచ్చాయి. x ఉన్న చోట్ల మాత్రమే మన సంఖ్య బిట్లు కూర్చుంటాయి.

```
0xxxxxxx                               7 బిట్లు
110xxxxx 10xxxxxx                     11 బిట్లు
1110xxxx 10xxxxxx 10xxxxxx            16 బిట్లు
11110xxx 10xxxxxx 10xxxxxx 10xxxxxx   21 బిట్లు
```

మొదటి బైట్ 0తో మొదలైతే ఆ అక్షరం ఒక్క బైట్‌దే, లేకపోతే దాని ముందు భాగంలో ఎన్ని ఒకట్లు వరుసగా ఉంటే ఆ అక్షరం అన్ని బైట్లదని అర్థం. 10తో మొదలయ్యే బైట్ ఎప్పుడూ కొనసాగింపు బైటే, దానితో అక్షరం మొదలు కాదు. ఫైల్ మధ్యలో ఎక్కడ దిగినా 10తో మొదలయ్యే బైట్లను దాటుకుంటూ వెనక్కి నడిస్తే, మూడు అడుగుల్లోపే అక్షరం మొదలైన చోటు దొరుకుతుంది.

రెండు బైట్ల అచ్చులో 11 బిట్లే పడతాయి, అంటే 2047 దాకా. అరబిక్ లిపి ప్రధాన విభాగం ఆ హద్దు లోపలే ముగుస్తుంది. దేవనాగరి 2304 దగ్గర, తెలుగు 3072 దగ్గర మొదలవుతాయి. వీటికి 12 బిట్లు కావాలి. కేవలం ఒక బిట్ మించినందువల్ల దేవనాగరి నుంచి మలయాళం దాకా ప్రధాన భారతీయ లిపులు మూడు బైట్ల వరుసలోకి వెళ్లాయి. ‘తెలుగు’ అన్న పదంలో త, ె, ల, ు, గ, ు అని ఆరు కోడ్ పాయింట్లు ఉన్నాయి కాబట్టి అది ఫైల్‌లో 18 బైట్లు ఆక్రమిస్తుంది.

## కాగితం మీద ‘త’

0x0C24ను బైనరీలో పదహారు బిట్లుగా రాసి, కుడి నుంచి ఆరు, ఆరు, నాలుగు చొప్పున విడగొట్టాలి.

```
0x0C24 = 0000 | 110000 | 100100

1110 0000  ->  E0
10 110000  ->  B0
10 100100  ->  A4
```

ఇదే పనిని కోడ్‌లో షిఫ్ట్‌లు చేస్తాయి. ఆరు బిట్లు కుడివైపుకు జరపడమంటే 64తో భాగించి భాగఫలాన్ని తీసుకోవడమే. 0x3F అనే మాస్క్‌తో & చేయడమంటే 64తో భాగిస్తే వచ్చే శేషాన్ని మాత్రమే ఉంచుకోవడం. ఈ రెండూ గుర్తుంటే బైనరీ జోలికి వెళ్లకుండానే లెక్క తేలిపోతుంది. 3108ని 64తో భాగిస్తే భాగఫలం 48, శేషం 36. శేషానికి 128 కలిపితే 164, అది A4. భాగఫలానికి 128 కలిపితే 176, అది B0. 4096తో భాగిస్తే భాగఫలం సున్నా కాబట్టి మొదటి బైట్ ఖాళీ అచ్చుగానే మిగులుతుంది: 224, అంటే E0.

```c
b1 = 0xE0 | (cp >> 12);
b2 = 0x80 | ((cp >> 6) & 0x3F);
b3 = 0x80 | (cp & 0x3F);
```

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. తెలుగు విభాగం U+0C00 నుంచి U+0C7F వరకు, మొత్తం 128 స్థానాలు. ఇవన్నీ 4096 లోపు సంఖ్యలే కాబట్టి మొదటి బైట్ ఎప్పుడూ E0 అవుతుంది. 64తో భాగిస్తే భాగఫలం మొదటి 64 స్థానాలకు 48, తర్వాతి 64 స్థానాలకు 49. కాబట్టి రెండో బైట్ B0 లేదా B1 మాత్రమే కాగలదు. ఫైల్‌ను యూటీఎఫ్-8గా కాక, పాశ్చాత్య యూరప్ భాషల కోసం చేసిన విండోస్-1252 పట్టికతో చదివినప్పుడు E0కు à, B0కు °, B1కు ± వస్తాయి. à° జంట తెలుగు విభాగం మొదటి సగానికి, à± జంట రెండో సగానికి ముద్రలన్నమాట.

## గుడి, గుడిదీర్ఘం మధ్య గీత

ఆ రెండు సగాల మధ్య గీత ఎక్కడ పడిందో చూడాలి. నేటి వాడుకలోని హల్లులన్నీ హ (U+0C39)తో ముగుస్తాయి. తర్వాత కొద్ది స్థానాలకు ా (U+0C3E), ి (U+0C3F) వస్తాయి. అక్కడితో మొదటి సగం అయిపోతుంది. ీ (U+0C40) నుంచి రెండో సగం. కాబట్టి ‘కి’, ‘కీ’ అనే పక్కపక్క గుణింతాల మధ్య చివరి ఆరు బిట్లు నిండిపోయి, రెండో బైట్‌లోకి ఒకటి పొంగుతుంది.

```
ి  U+0C3F  ->  E0 B0 BF
ీ  U+0C40  ->  E0 B1 80
```

మాస్క్ తప్పులు బయటపడేది సరిగ్గా ఈ గీత దగ్గరే. మూడో బైట్ రాసేటప్పుడు & 0x3F మరిచిపోయి 0x80 | cp అని రాశారనుకుందాం. సీ భాషలో ఫలితాన్ని ఒక బైట్‌లో దాచగానే పైబిట్లు వాటంతటవే రాలిపోతాయి. 0x0C24 విషయంలో మిగిలేది 24, దానికి 80 చేరితే A4, సరైన జవాబే. క నుంచి హ దాకా ఏ హల్లు ఇచ్చినా, ా, ి గుర్తులు ఇచ్చినా జవాబు సరిగానే వస్తుంది. ె ఇచ్చి చూస్తే సంగతి తెలుస్తుంది.

```
ె  U+0C46
మాస్క్ ఉంటే      E0 B1 86
మాస్క్ లేకపోతే    E0 B1 C6
```

0x46లో 64 విలువ గల బిట్ వెలిగి ఉంది. మాస్క్ దాన్ని ఆర్పాలి. ఆర్పకపోవడంతో 10తో మొదలవ్వాల్సిన బైట్ 11తో మొదలై, కొత్త అక్షరానికి తొలి బైట్‌లా కనిపిస్తుంది. బ్రౌజర్ E0 B1ను తోక తెగిన అక్షరంగా లెక్కగట్టి ఒక � వేస్తుంది, C6 తర్వాత రావాల్సిన కొనసాగింపు కనబడక మరో � వేస్తుంది. తెర మీద ‘త��ల��గ��’ మిగులుతుంది. హల్లులన్నీ నిలిచి, ి తర్వాతి గుర్తులు మాత్రమే చెదిరిపోయిన పాఠం ఎక్కడైనా కనిపిస్తే మూడో బైట్ మాస్క్‌ను ముందుగా అనుమానించాలి.

రెండో బైట్ మాస్క్ మరిచిపోతే వచ్చే ఇబ్బంది ఇంకా నిగూఢమైనది. తెలుగుకు అక్కడ వచ్చే 48, 49 ముందే 64 కంటే చిన్నవి, మాస్క్ తీసేయాల్సింది ఏమీ ఉండదు. కాబట్టి తెలుగు పాఠం ఎంత ఇచ్చి పరీక్షించినా తప్పు దొరకదు. రూపాయి గుర్తు ₹ (U+20B9) ఇచ్చినా దొరకదు: 8377ను 64తో భాగిస్తే 130, అది 0x82. అందులో అదనంగా వచ్చిన బిట్ 128 విలువది, 0x80 అచ్చులో ఎలాగూ ఉన్నదే. రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి సరైన E2 82 B9 తయారవుతుంది. బర్మీస్ మొదటి అక్షరం က (U+1000) ఇస్తే భాగఫలం 64 అవుతుంది, అప్పుడు 80 రావాల్సిన చోట C0 వచ్చి తప్పు పట్టుబడుతుంది. తెలుగువాళ్ల కోసం రాసిన ప్రోగ్రాంను పరీక్షించడానికి ఒక బర్మీస్ అక్షరం అవసరపడటం వింతగా ఉన్నా, లెక్క అడిగేది అదే.

## వెనక్కి: మూడు బైట్ల నుంచి 3108

డీకోడింగ్‌లో ఇదే దారిన వెనక్కి నడవాలి. A4 అంటే 164, అందులోంచి 128 తీసేస్తే 36. B0 అంటే 176, 128 తీసేస్తే 48. E0లోని చివరి నాలుగు బిట్లు సున్నా. 48ని 64తో గుణిస్తే 3072, దానికి 36 కలిపితే 3108. అక్షరం తిరిగి వచ్చింది.

```c
cp = ((b1 & 0x0F) << 12)
   | ((b2 & 0x3F) << 6)
   |  (b3 & 0x3F);
```

ఈ వాక్యం సరైనదే. కానీ డీకోడర్ అంటే ఇదొక్కటే అనుకోవడం పెద్ద పొరపాటు. ఇంతకుముందు మాస్క్ లేకుండా తయారైన E0 B1 C6ను దీనికి ఇచ్చి చూడండి. C6కు 0x3F మాస్క్ వేస్తే పైన ఉన్న రెండు బిట్లూ పోయి 06 మిగులుతుంది. 49ని 64తో గుణించి 6 కలిపితే 3142, అంటే 0x0C46, నిఖార్సయిన ె! ఎన్‌కోడర్ మరిచిపోయిన మాస్క్‌ను డీకోడర్ వేసి తప్పును కప్పేసింది. ఎన్‌కోడ్ చేసి, డీకోడ్ చేసి, రెండూ సరిపోయాయా అని చూసే పరీక్ష ఇక్కడ ప్రతిసారీ నెగ్గుతుంది. అదే ఫైల్‌ను బ్రౌజర్ గానీ డేటాబేస్ గానీ తీసుకునే రోజున కుప్పకూలుతుంది. పోల్చాల్సింది తిరిగి వచ్చిన సంఖ్యను కాదు, మధ్యలో తయారైన బైట్లను. పైథాన్‌లో కింది వరుస ఇచ్చే బైట్లతో సొంత ఎన్‌కోడర్ బైట్లను పోల్చి చూస్తే చాలు.

```python
"తె".encode("utf-8").hex(" ")   # e0 b0 a4 e0 b1 86
```

డీకోడర్ వైపు దీనికి మందు, లెక్క చేసే ముందు ప్రతి కొనసాగింపు బైట్‌నూ తనిఖీ చేయడం. లెక్క అయ్యాక ఇంకో తనిఖీ కూడా కావాలి.

```c
if ((b1 & 0xF0) != 0xE0) return -1;
if ((b2 & 0xC0) != 0x80) return -1;
if ((b3 & 0xC0) != 0x80) return -1;
/* ఇక్కడ cp లెక్కించాలి */
if (cp < 0x800) return -1;
if (cp >= 0xD800 && cp <= 0xDFFF) return -1;
```

లోపలి కుండలీకరణాలు అలంకారం కోసం పెట్టినవి కావు. సీ భాషలో & కంటే != ముందు లెక్కకు వస్తుంది. కుండలీకరణం తీసేస్తే 0xC0, 0x80 ఒకటి కావు అన్న పోలిక ముందుగా జరిగి 1 వస్తుంది, తర్వాత ఆ 1తో బైట్‌కు & పడుతుంది. ఫలితంగా తనిఖీ సరి బైట్లను రానిచ్చి, బేసి బైట్లను తిప్పికొడుతుంది. రెండో బైట్ దగ్గర B0 దాటిపోతుంది, B1 ఆగిపోతుంది. మళ్లీ గుణింతపు గుర్తులకే దెబ్బ.

బైట్లను ఉత్త char రకంలో పెట్టుకోవడం ఇంకో ఉచ్చు. x86 యంత్రాల మీద సాధారణంగా అది రుణసంఖ్యలను కూడా పట్టే రకం. అందులో E0 అంటే -32. బైట్ 0x80 కంటే చిన్నదా అని అడిగితే అవునని జవాబు వస్తుంది, తెలుగు అక్షరపు తొలి బైట్ ఇంగ్లిష్ అక్షరాల దారిలోకి పోతుంది. ఏఆర్ఎం మీద నడిచే లినక్స్‌లో char సాధారణంగా ధనసంఖ్యలనే పట్టే రకం కాబట్టి అదే కోడ్ అక్కడ బాగా పనిచేసి అయోమయాన్ని పెంచుతుంది. unsigned char అని రాస్తే రెండు చోట్లా గొడవ ఉండదు.

చివరి రెండు తనిఖీల్లో రెండోది యూటీఎఫ్-16 తన సొంత అవసరానికి కేటాయించుకున్న స్థానాలను తోసిపుచ్చుతుంది. మొదటిది మాత్రం తెలుగుతో నేరుగా ముడిపడింది. E0 మోసుకొచ్చే నాలుగు బిట్లూ సున్నాలే. అందువల్ల చిన్న సంఖ్యను కూడా E0 వెనక దాచి మూడు బైట్లుగా సాగదీయవచ్చు. E0 80 AF అనే వరుసకు పై లెక్క వేస్తే 2F వస్తుంది, అంటే / గుర్తు. ఏ బైట్‌లోనూ / కనిపించకూడదన్న అసలు షరతును తనిఖీ లేని డీకోడర్ ఇలా వెనక గుమ్మం నుంచి వమ్ము చేస్తుంది. ఇది ఊహ కాదు. 2000లో మైక్రోసాఫ్ట్ ఐఐఎస్ వెబ్ సర్వర్లలో ఇలాంటిదే రెండు బైట్ల రూపం C0 AF ద్వారా భద్రతా తనిఖీ దాటి, నిషిద్ధ ఫోల్డర్లలోకి వెళ్లగల లోపం బయటపడింది. మరుసటి ఏడాది వ్యాపించిన నిమ్డా వైరస్ వాడుకున్న దారుల్లో అదొకటి. 2003 నాటి ఆర్ఎఫ్‌సీ 3629 ఇలాంటి సాగదీసిన రూపాలను డీకోడర్లు తిరస్కరించాల్సిందేనని చెబుతుంది. E0 తర్వాతి బైట్ A0 నుంచి BF లోపు ఉండాలన్న నియమం దాని ఫలితమే. తెలుగు B0, B1 ఆ పరిధిలో హాయిగా ఇముడుతాయి.

నాలుగు బైట్ల అచ్చుకు షిఫ్ట్‌లు 18, 12, 6 అవుతాయి, మిగతా లెక్క తీరు ఇదే, తనిఖీల హద్దులు మాత్రం మారతాయి. చాలా ఎమోజీలు అందులోకి వస్తాయి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో చాలాకాలం utf8 అన్న పేరు మూడు బైట్ల దాకే పట్టే రూపానిది. అందుకే తెలుగు పాఠం నిక్షేపంగా దాగి, దాని చివర ఒక ఎమోజీ చేర్చగానే చిక్కు వచ్చేది. పూర్తి రూపం పేరు utf8mb4.

## à° నుంచి తిరిగి రాలేని అక్షరాలు

లెక్క తెలిశాక, చెడిపోయిన వరుసను వెనక్కి తిప్పడం తేలికే అనిపిస్తుంది. తెర మీద కనిపిస్తున్న à, °, ¤ గుర్తులను విండోస్-1252 పట్టిక ప్రకారం E0, B0, A4గా మార్చి, వాటిని యూటీఎఫ్-8గా చదివితే ‘త’ రావాలి, వస్తుంది కూడా.

```python
"à°¤".encode("cp1252").decode("utf-8")   # త
```

కానీ ‘తెలుగు’ మొత్తం ఇస్తే ఇది చాలాసార్లు తప్పు చూపించి ఆగిపోతుంది. కారణం ఆ పట్టికలోని ఖాళీలు. 81, 8D, 8F, 90, 9D అనే ఐదు బైట్లకు విండోస్-1252లో ఏ గుర్తూ లేదు. తెలుగులో ఈ మూడో బైట్లు ఎవరివో లెక్క వేస్తే దురదృష్టం ఎంతటిదో తెలుస్తుంది. E0 B0 తర్వాత 8F, 90, 9D వస్తే అవి ఏ, ఐ, ఝ. వీటితో పెద్ద నష్టం లేదు. E0 B1 తర్వాత 81 వస్తే ు, 8D వస్తే పొల్లు (్). కొమ్ము లేకుండా, పొల్లు అవసరమైన ఒత్తులు లేకుండా ఒక్క తెలుగు వాక్యం సాగడం కష్టం.

బ్రౌజర్లు ఈ ఖాళీ బైట్లను కంటికి కనిపించని నియంత్రణ గుర్తులుగా దాచుకుంటాయి. వాటి నుంచి నకలు చేసిన పాఠంలో బైట్లు భద్రంగా ఉంటాయి, కాకపోతే పైథాన్ cp1252 ఆ గుర్తులను ఒప్పుకోదు కాబట్టి వాటిని విడిగా అదే సంఖ్య గల బైట్లుగా మార్చుకోవాలి. మరికొన్ని ప్రోగ్రాంలు ఆ చోట ప్రశ్నార్థకం వేస్తాయి, లేదా అసలు తీసేస్తాయి. అలా ఒకసారి సేవ్ అయిన ఫైల్‌లో ఆ బైట్ ఇక ఉండదు. దీన్ని గుర్తుపట్టే మార్గం, పట్టిక ప్రకారం వెనక్కి మార్చిన బైట్ల వరుసను హెక్సాడెసిమల్‌లో చూడటమే: E0 B1 తర్వాత నేరుగా ఇంకో E0 వచ్చినా, ప్రశ్నార్థకపు 3F వచ్చినా మూడో బైట్ పోయినట్టే. � గుర్తే పాఠంలో నిలిచిపోయి ఉంటే యూటీఎఫ్-8 ఫైల్‌లో EF BF BD కనిపిస్తుంది, అప్పుడు పోయింది ఏ అక్షరమో కూడా తెలియదు.

E0 B1 మిగిలి మూడో బైట్ మాత్రమే పోయిన సందర్భంలో వాడుకలో ఉన్నవి రెండే: కొమ్ము లేదా పొల్లు. ఆ ఖాళీ పదం మధ్యలో ఉండి తర్వాత హల్లు వస్తే ‘కల్ప’, ‘కలుప’ రెండూ సాధ్యమే కాబట్టి నిఘంటువును సంప్రదించక తప్పదు. పదం చివర్లో ఉంటే తెలుగు అజంత భాష కావడం కొంత ఆదుకుంటుంది, కొమ్మేనని ఊహించి పూరించవచ్చు. ‘బస్’, ‘ఫైల్’ లాంటి మాటలు వచ్చినప్పుడు మాత్రం ఆ ఊహ ‘బసు’, ‘ఫైలు’ అని రాసి పెడుతుంది.